యుద్ధాలే రాజ్యాలను కట్టాయా? ఇంగ్లండు బీరు పన్ను నుంచి మన దత్త మండలాల దాకా

తుంగభద్ర_ఒడ్డు

అందరికీ నమస్కారం. నేను అనంతపురంలో డిగ్రీ పిల్లలకు చరిత్ర చెబుతాను. పోయిన వారం సామాజిక శాస్త్రవేత్త చార్ల్స్ టిల్లీ వాదం క్లాసులో చెప్పాను. యూరప్‌లో రాజులు ఒకరితో ఒకరు యుద్ధాలు చేయడానికి డబ్బు కావాలి, డబ్బుకు పన్నులు కావాలి, పన్నులకు లెక్కలు రాసే ఉద్యోగులు కావాలి, అలా ఆధునిక రాజ్యం తయారైంది అన్నది దాని సారం. 1500 ప్రాంతంలో యూరప్‌లో దాదాపు 500 చిన్నా పెద్దా పాలనలు ఉండేవని, 1900 నాటికి అవి పాతిక దాకా తగ్గాయని కూడా చెప్పాను.

చివరి బెంచీలో ఒకమ్మాయి లేచి, "మేడమ్, 18వ శతాబ్దంలో మన దక్షిణంలో యుద్ధం లేని ఏడాదే లేదు కదా, మరి నిజాం రాజ్యం ఎందుకు అలా బలపడలేదు?" అని అడిగింది. ఇంగ్లీషువాళ్లు వచ్చి ఆపేశారు అని చెప్పి తప్పించుకున్నాను. ఆ జవాబు నాకే నచ్చలేదు. తెలిసినవాళ్లు ఎవరైనా వివరంగా చెప్పగలరా?

చలిమంట

నాకు అర్థమైనంత వరకు ఇది చాలా సింపుల్ అండీ. యూరప్‌వాళ్లు ఎక్కువ యుద్ధాలు చేశారు, కాబట్టి ఫిరంగులు, సైన్యాలు, పన్నులు అన్నీ పెరిగాయి. ఓడినవాళ్లు పోయారు, గెలిచినవాళ్లు మిగిలారు. పోలండు చూడండి. అక్కడ సభలో ఒక్క సభ్యుడు అడ్డు చెప్పినా తీర్మానాలు ఆగిపోయేవి, 1717 తర్వాత సైన్యం కాగితం మీదే 24,000. చుట్టూ ఉన్న మూడు రాజ్యాలు 1772, 1793, 1795లో మూడు ముక్కలుగా పంచుకుని పటం నుంచే తీసేశాయి. మన దగ్గర ఆ స్థాయిలో పోటీ లేదు, అందుకే రాజ్యాలు మెత్తబడ్డాయి.

రికార్డుగది

చలిమంట గారూ, పోలండు గురించి మీరు చెప్పింది సరైనదే. "మన దగ్గర పోటీ లేదు" అన్నది మాత్రం నిలవదు. మైసూరు, మరాఠాలు, నిజాం, కర్ణాటక నవాబు, రెండు యూరప్ కంపెనీలు ఒకరి మీద ఒకరు నలభై యాభై ఏళ్లు ఆపకుండా పోరాడారు. అంతకంటే పోటీ ఎక్కడుంది?

అసలు సంగతి యుద్ధం ఎంత అన్నది కాదు, యుద్ధానికి డబ్బు ఎలా తెచ్చారన్నది. ఎక్కువ యుద్ధాలు చేసి కూడా రాజ్యం కట్టుకోలేనివాళ్లు యూరప్‌లోనే ఉన్నారు. స్పెయిన్ రాజులకు అమెరికా నుంచి వెండి ఓడల్లో వచ్చేది. ఆ వెండిని చూపించి అప్పులు తెచ్చి యుద్ధాలు చేశారు. 1557లో, 1575లో, 1596లో అప్పులు కట్టలేమని చేతులెత్తేశారు. వెండి వస్తున్నంత కాలం ఊరూరా తిరిగి ఎవరి దగ్గర ఏముందో రాసుకోవలసిన తొందర రాలేదు.

ఇంగ్లండు కథ దీనికి ఎదురు. అక్కడ అలాంటి వెండి రాబడి లేదు. 1688 నుంచి ఫ్రాన్సుతో వరసగా పెద్ద యుద్ధాలు. ఆ డబ్బు ఎక్కువగా ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? బీరు, మాల్టు, ఉప్పు, తోలు, సబ్బు, కొవ్వొత్తులు. అంటే ఎక్సైజు పన్ను. 1643లో రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం జరుగుతున్నప్పుడు పార్లమెంటే దాన్ని మొదలుపెట్టింది. మొదట్లో వసూలు హక్కును గుత్తకు ఇచ్చేవారు. 1683లో గుత్తదారులను తీసేసి ప్రభుత్వమే సొంత ఉద్యోగులను పెట్టుకుంది. 1690లో వాళ్లు సుమారు 1,200 మంది. 1780ల మొదట్లో దాదాపు 4,900.

భూమి పన్ను కూడా ఉంది. అయితే దాన్ని ఊళ్లోని భూస్వాములే కూర్చుని తమ మీద తామే వేసుకునేవారు. విలువలు తక్కువ రాసుకున్నారు, తర్వాత ఎన్నేళ్లయినా మార్చలేదు. కాబట్టి దాని చుట్టూ ఉద్యోగ వ్యవస్థ పెరగలేదు. ఒకే రాజ్యం, ఒకే యుద్ధం, అయినా ఒక పన్ను రాజ్యాన్ని కట్టింది, రెండోది కట్టలేదు.

పాత_ఇన్‌స్పెక్టర్

ఎక్సైజు అనే మాట కనబడితే ఆగలేకపోయాను. నేను ఎక్సైజు శాఖలో ముప్పై రెండేళ్లు చేసి రిటైర్ అయ్యాను. చరిత్ర నాకు తెలియదు, పని తెలుసు. సరుకు కొలవడం కష్టం కాదు. కొలిచినవాడు నిజంగా వెళ్లి కొలిచాడా, ఇంట్లో కూర్చుని రిజిస్టరు నింపాడా అని పట్టుకోవడమే కష్టం. నేను ఒక డిపోలో ఉన్నప్పుడు ఆరు నెలల తనిఖీ పుస్తకం ఒకే సిరాతో, ఒకే దస్తూరితో ఉంది. అన్నీ ఒక్క రాత్రి రాసినవి. మరి ఆ రోజుల్లో 1,200 మందిని లండన్‌లో కూర్చుని ఎలా నమ్మారు? నాకు ఆ సంగతి చెప్పండి.

రికార్డుగది

నమ్మలేదు సార్. ఆ అపనమ్మకం మీదే శాఖను కట్టారు.

పని ఇలా సాగేది. గేజర్ అనే ఉద్యోగికి ఒక ప్రాంతం ఇస్తారు. దాంట్లో బీరు కాచేవాళ్లు, మాల్టు చేసేవాళ్లు, తోలు పదును చేసేవాళ్లు ఎవరెవరున్నారో జాబితా ఉంటుంది. వాళ్లు తమ గంగాళాలు, పీపాలు ముందుగా నమోదు చేయించాలి. గేజర్ వేళాపాళా లేకుండా, కొన్నిసార్లు రాత్రిపూట కూడా వెళ్లి, కొలబద్ద ముంచి ఎంత లోతుందో చూసి, లెక్కగట్టి ఎన్ని గాలన్లో రాస్తాడు. ఉద్యోగంలో చేరే ముందు దశాంశాలు, పీపా ఘనపరిమాణం లెక్కలు నేర్చుకుని పరీక్ష పాస్ కావాలి.

అతను తన పుస్తకంలో ఒకసారి రాస్తాడు, వ్యాపారి దగ్గర వదిలే కాగితంలో ఇంకోసారి రాస్తాడు. పై అధికారి చెప్పాపెట్టకుండా అదే దారిలో వెనకాలే వెళ్లి, అవే పీపాలు మళ్లీ కొలిచి, మూడు లెక్కలూ పోల్చి, తేడాలను తన డైరీలో రాసి లండన్‌కు పంపుతాడు. సొంత ఊళ్లో పోస్టింగు ఇవ్వరు. ఊరివాళ్లతో చుట్టరికం కలవకుండా కొన్నేళ్లకోసారి బదిలీ చేస్తారు.

మీరు చెప్పిన రిజిస్టరు కథే అక్కడా జరిగింది. తర్వాత అమెరికా స్వాతంత్ర్యం కోసం రాసి పేరు తెచ్చుకున్న థామస్ పెయిన్ మొదట ఎక్సైజు ఉద్యోగి. 1765లో, వెళ్లి చూడని సరుకును చూసినట్టు పుస్తకంలో రాశాడని ఆయన్ను తీసేశారు. ఆ తప్పు ఎంత మామూలుగా జరిగేదంటే దానికి శాఖలో ఒక ప్రత్యేకమైన పేరే ఉండేది.

పాత_ఇన్‌స్పెక్టర్

వెనకాలే వెళ్లి మళ్లీ కొలవడం. అవునండీ, అదొక్కటే పనిచేసే మందు. ఈ మధ్య ఇంత సంతోషంగా ఏదీ చదవలేదు. ఇంకో ప్రశ్న. పన్ను వసూలు నెమ్మదిగా జరిగే పని. యుద్ధానికి డబ్బు రేపే కావాలి. మధ్యలో ఏం చేసేవారు?

రికార్డుగది

మీరు సరైన చోట పట్టుకున్నారు. మధ్యలో అప్పు చేసేవారు. 1694లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు పుట్టింది అందుకే. ప్రభుత్వానికి 12 లక్షల పౌన్లు 8 శాతం వడ్డీకి ఇచ్చింది. ఆ మొత్తాన్ని జనం రెండు వారాలు తిరగకముందే పెట్టారు. అంతకు ముందు 1672లో రెండో చార్లెస్ రాజు లండన్ షావుకార్లకు చెల్లింపులు ఆపేసి వాళ్లను ముంచాడు. అలాంటి ఖజానాకు మళ్లీ ఎందుకిచ్చారు? 1689 తర్వాత పార్లమెంటు ఒప్పుకోకుండా పన్ను లేదు, పార్లమెంటు ప్రతి ఏడాదీ కూర్చునేది, ఫలానా అప్పు వడ్డీకి ఫలానా పన్ను అని చట్టంలోనే రాసేవారు. బీరు పీపా ఎంత నమ్మకంగా కొలిస్తే అప్పు అంత చవకగా దొరికేది. ఒకప్పటి 8 శాతం కొన్ని దశాబ్దాల్లో 3, 4 శాతానికి దిగింది.

1697లో అప్పు సుమారు 1.7 కోట్ల పౌన్లు. 1783లో, అమెరికా యుద్ధం ఓడిపోయాక, దాదాపు 24 కోట్లు. వసూలైన పన్నులో సగానికి పైగా వడ్డీకే పోయేది. అయినా దివాలా తీయలేదు.

శాంతి_బాట

క్షమించాలి, నాకు ఇది చదువుతుంటే బాధగా ఉంది. లక్షల మంది చచ్చిపోయిన యుద్ధాలను రాజ్యానికి పునాది అని మెచ్చుకుంటున్నారా? రేపు ఎవరైనా "దేశం బాగుపడాలంటే యుద్ధం కావాలి" అంటే ఏం చెబుతారు?

తుంగభద్ర_ఒడ్డు

లేదండీ, నేను అడిగింది మంచిదా చెడ్డదా అని కాదు, ఎలా జరిగింది అని. టిల్లీ కూడా దీన్ని పొగడలేదు. రాజ్యం పుట్టుకను ఆయన రక్షణ పేరుతో వసూలు చేసే రౌడీ ముఠాల పనితో పోల్చాడు. మీరడిగింది మాత్రం నిజంగా ముఖ్యమైనదే. బీరు పన్ను ఎవరు కట్టారు? కూలివాళ్లు. భూస్వామి ఎక్కువగా ఇంట్లోనే కాయించుకునేవాడు, ఇంట్లో కాచిన బీరుకు ఆ పన్ను లేదు. 1725లో మాల్టు పన్ను స్కాట్లండుకు పెట్టినప్పుడు గ్లాస్గోలో జనం తిరగబడి, దానికి ఓటేశాడనుకున్న ఎంపీ ఇంటిని ధ్వంసం చేశారు. ఈ వైపు కూడా క్లాసులో చెప్పాలి, నేను చెప్పలేదు.

బెర్లిన్_రైలు

నేను బెర్లిన్‌లో ఉంటాను, వారాంతాల్లో పాట్స్‌డామ్ వెళ్తుంటాను. అక్కడి మ్యూజియంలలో ఈ కథ ఇంకోలా కనబడుతుంది. పార్లమెంటు ఒప్పుకుంటేనే రాజ్యం బలపడుతుందని అనుకుంటే ప్రష్యా దానికి అడ్డం తిరుగుతుంది.

1653లో, తర్వాత ప్రష్యా రాజ్యంగా మారిన బ్రాండెన్‌బర్గ్ పాలకుడు ఫ్రెడరిక్ విలియం ప్రాంతీయ సభను పిలిచి సైన్యానికి డబ్బు అడిగాడు. ఆరేళ్లలో 5,30,000 థేలర్లు ఇవ్వడానికి వాళ్లు ఒప్పుకున్నారు. బదులుగా రైతుల మీద జమీందార్ల పట్టును ఆయన రాతపూర్వకంగా ఒప్పుకున్నాడు. ఆరేళ్లు గడిచాయి. చేతిలో సైన్యం ఉంది కాబట్టి తర్వాత సభ ఒప్పుకోలు లేకుండానే వసూలు చేశాడు. తూర్పు ప్రష్యాలో కోనిగ్స్‌బర్గ్ పట్టణం తరఫున హియరోనిమస్ రోత్ అనే ఆయన ఎదిరిస్తే 1662లో పట్టుకుని జైల్లో పెట్టారు. 1678లో ఆయన జైల్లోనే చనిపోయాడు.

పన్ను వసూలు చేసింది ఎవరనుకున్నారు? యుద్ధ కమిషనర్లు. మొదట సైన్యానికి మేత, బస, జీతాలు చూడడానికి పెట్టినవాళ్లే మెల్లగా పట్టణాల పన్నులు, వ్యాపారం, పోలీసు పనులు కూడా తీసుకున్నారు. 1723లో సైన్యం లెక్కలు, రాజుగారి సొంత భూముల లెక్కలు ఒకే కార్యాలయం కిందికి వచ్చాయి. 1740 నాటికి పాతిక లక్షలకు మించని జనాభాకు 80,000 సైన్యం. ఇక్కడ యుద్ధం రాజ్యాన్ని కట్టింది, సభను మాత్రం చంపేసింది.

చలిమంట

సరే, నా మాట కొంత సరిచేసుకుంటాను. యుద్ధం చాలదు, డబ్బు దారి ముఖ్యం. అయితే ఇది యూరప్‌కు మాత్రమే పరిమితం కాదు కదా. చైనాలో క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలోనే చిన్ రాజ్యంలో షాంగ్ యాంగ్ అనే మంత్రి ఇంటింటి లెక్క రాయించాడు, యుద్ధంలో చూపిన ప్రతిభను బట్టి పదవి ఇచ్చాడు. క్రీ.పూ. 221లో ఆ రాజ్యం మిగతా అన్నిటినీ మింగేసింది. టిల్లీ వాదం యూరప్‌ కంటే ముందు చైనాకే బాగా సరిపోతుంది.

రికార్డుగది

సగం వరకు సరిపోతుంది. ఇంటింటి లెక్క, జీతం ఉద్యోగులు, సైన్యం, అన్నీ వచ్చాయి. రెండు రాలేదు: రాజుకు అప్పిచ్చే స్వతంత్ర షావుకార్లు, ఒప్పుకోమని అడగాల్సిన సభ. పైగా 221 తర్వాత ఎదుట పోటీదారే లేడు. యూరప్‌లో ఎవరూ అందరినీ మింగలేకపోయారు, ఒత్తిడి ఆగలేదు.

దక్షిణ అమెరికా ఇంకో రకం. 1879 నుంచి 1883 దాకా చిలీ పెరూ, బొలీవియాలతో యుద్ధం చేసి గెలిచింది, నైట్రేటు ఎడారి చేతికొచ్చింది. ఆ తర్వాత నైట్రేటు ఎగుమతి సుంకమే ఖజానా నింపింది, లోపలి పన్నులు తగ్గించేశారు. గెలిచిన యుద్ధమే పన్ను వ్యవస్థను సడలించింది. స్పెయిన్ వెండి చేసిన పనే ఇక్కడ నైట్రేటు చేసింది.

తుంగభద్ర_ఒడ్డు

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్న నాకు వేరేలా కనబడుతోంది. నేనే రాసి చూస్తాను, తప్పుంటే దిద్దండి.

నిజాంకు కూడా యుద్ధం ఉంది, డబ్బు అవసరం ఉంది. 1798లో ఆయన సొంత సైన్యం పెంచే బదులు కంపెనీ సైన్యాన్ని అద్దెకు తీసుకున్నాడు. ఏడాదికి సుమారు 24 లక్షల రూపాయలు. 1800లో ఆ నగదు బాధ్యతకు బదులుగా భూమే ఇచ్చేశాడు. టిప్పు మీద రెండు యుద్ధాల్లో తన వాటాకు వచ్చిన బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలు, కర్నూలు వైపు కొంత. అవే దత్త మండలాలు, అంటే నేను ఇప్పుడు కూర్చుని రాస్తున్న నేల. 1853లో మళ్లీ సైన్యం బాకీల కింద బేరారు పోయింది.

యుద్ధం ఖర్చుకు ఇంగ్లండు రాజు పీపాలు కొలిచేవాళ్లను పెట్టాడు, నిజాం కొలవాల్సిన నేలనే ఇచ్చేశాడు. కొలిచే పని ఇచ్చినవాడికి తప్పింది, పుచ్చుకున్నవాడి మీద పడింది. 1800 నుంచి 1807 దాకా థామస్ మన్రో ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టరు. ఎనభై మంది దాకా ఉన్న పాలెగాళ్లను అణిచి, చేను చేనుకూ సర్వే చేయించి శిస్తు కట్టించింది ఇక్కడే. టిల్లీ చెప్పిన పని మా ఊళ్లో జరిగింది. కాకపోతే ఆ రాజ్యం మాది కాదు.

రికార్డుగది

చాలా బాగా పట్టుకున్నారు మేడమ్. రెండు మాటలు కలుపుతాను.

ఒకటి, నిజాం అంత తేలికగా నేల ఇచ్చాడంటే అది చేతకానితనం అని తేల్చకండి. ఆ జిల్లాలు ఆయన చేతికొచ్చి కొన్నేళ్లే అయింది, పాలెగాళ్లు శిస్తు కట్టడం లేదు. వసూలు కాని నేల ఇచ్చి, తప్పక రావలసిన సైన్యం తీసుకున్నాడు. ఆ రోజు లెక్కలో అది మంచి బేరంలాగే కనిపించి ఉంటుంది.

రెండోది, సొంతంగా ప్రయత్నించినవాడు టిప్పు. మధ్యవర్తులను తగ్గించి, అమీల్దార్లతో నేరుగా వసూలు చేయించాడు. అయితే 1792లో సగం రాజ్యం, 3 కోట్ల 30 లక్షల రూపాయలు కంపెనీకీ దాని మిత్రులకూ ఇవ్వాల్సి వచ్చింది. ప్రష్యాకు ఒక యుద్ధానికీ ఇంకోదానికీ మధ్య దశాబ్దాల వ్యవధి దొరికింది. మైసూరుకు ఏడేళ్లే దొరికాయి.

బెర్లిన్_రైలు

ఇక్కడే నాకు అనుమానం. మైసూరు పడిపోయింది కాబట్టి "సమయం దొరకలేదు" అంటున్నాం. ప్రష్యా నిలిచింది కాబట్టి "వ్యవస్థ మంచిది" అంటున్నాం. 1762లో రష్యా సామ్రాజ్ఞి ఎలిజబెత్ చనిపోయి, తర్వాత వచ్చినవాడు ప్రష్యా మీద చేస్తున్న యుద్ధం ఉన్నట్టుండి మానుకోకపోతే అది కూడా ముక్కలయ్యేదేమో. అప్పుడు మనం దాన్ని కూడా పోలండు పక్కన రాసేవాళ్లం. మిగిలిన పాతిక రాజ్యాలను చూసి రాసిన సూత్రం ఇది. పోయిన వందల రాజ్యాల్లో ఎన్ని బాగా లెక్కలు రాశాయో ఎవరు చూశారు?

రికార్డుగది

ఒప్పుకుంటాను, ఈ వాదానికి అతి పెద్ద బలహీనత అదే. నేను దాన్ని పూర్తిగా వదలను గానీ, "యుద్ధం రాజ్యాన్ని కడుతుంది" అని మాత్రం అనను. బయట నుంచి తేలిక డబ్బు లేకుండా, కోలుకునే వ్యవధి ఉండి యుద్ధం చేసినచోట ఒక్కోసారి కట్టింది అంటాను. ఆ "ఒక్కోసారి" ఎంత తరచుగా అన్న దగ్గర మీకూ నాకూ ఒప్పందం కుదరదు.

శాంతి_బాట

ముందు నేను ప్రశ్నను వేరేగా అర్థం చేసుకున్నాను. ఒకటి అడుగుతాను. ఇంగ్లండులో బీరు పన్ను కట్టిన కూలికి పార్లమెంటులో ఓటు లేదు. కడపలో శిస్తు కట్టిన రైతుకూ లేదు. మరి ఇద్దరి మధ్య తేడా ఏమిటి?

రికార్డుగది

కూలివాడి వైపు నుంచి చూస్తే తేడా తక్కువే. తేడా అప్పిచ్చినవాడి దగ్గర ఉంది. లండన్‌లో బాండు కొన్నవాడు, పార్లమెంటులో కూర్చున్నవాడు చాలాసార్లు ఒకే రకం మనుషులు, లెక్క చూపించమని వాళ్లు ఏటా అడిగేవారు. కడప శిస్తుకు లెక్క అడిగేవాళ్లు మద్రాసులో, లండన్‌లో ఉన్నారు. కడపలో లేరు.

పాత_ఇన్‌స్పెక్టర్

మేడమ్, మన్రో సర్వేలో చేను కొలిచింది ఎవరు? ఊరి కరణం లెక్క మీద ఆధారపడ్డారా, లేక బయటివాళ్లు వచ్చి మళ్లీ కొలిచారా? నాకు అది తెలిస్తే ఆ శిస్తు పుస్తకాన్ని ఎంత నమ్మాలో తెలుస్తుంది. మా తాతగారు ఆదోని దగ్గర కరణం. కరణం రాసిన దాన్ని ఇంకో కరణం కొలిస్తే తేడా రాదని ఆయనే అనేవారు.

తుంగభద్ర_ఒడ్డు

సర్వేయర్లను విడిగా పెట్టారనీ, వాళ్ల కొలతలను మళ్లీ తనిఖీ చేసేవాళ్లు ఉన్నారనీ చదివాను. అయితే ఏ చేను ఎవరిది, పాత శిస్తు ఎంత అన్నది కరణాన్ని అడగక తప్పలేదు. తాతగారి కాగితాలు ఏమైనా మీ ఇంట్లో ఉన్నాయా సార్? ఉంటే వచ్చే నెల ఆదోని వస్తాను, ఆ అమ్మాయిని కూడా తీసుకొస్తాను.